తొమ్మిదో స్లాటు ఖాళీగా ఉండాలి

ఆ రోజు పన్నెండో అభ్యర్థిని లోపలికి పిలిచేసరికి సాయంత్రం 5.45 అయింది. ఆమెకు కాగితం మీద రాసి ఇచ్చిన సమయం 4.30. అందరినీ ఉదయం 9.30కే రమ్మన్నాం కాబట్టి అప్పటికి ఆమె వరండాలో కూర్చుని ఎనిమిదింబావు గంటలైంది. పలాస దాకా వెళ్లాలి, రైలుకు టైమవుతోంది. లోపల నలుగురు ప్యానెల్ సభ్యులూ అలసిపోయి ఉన్నారు. బయటి నుంచి వచ్చిన సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్ మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నారు. పన్నెండు నిమిషాల్లో ఆమెను పంపించేశారు. ఉదయం మొదట వెళ్లిన అబ్బాయితో నలభై నిమిషాలకు పైగా మాట్లాడారు.

ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్ పోస్టుల కోసం ఆ రోజు షెడ్యూల్ వేసింది నేనే. ఆమె ఆ ఉద్యోగానికి తగినదో కాదో మాకు తెలియలేదు. తెలుసుకోవడానికి కావలసిన సమయం మేం ఆమెకు ఇవ్వలేదు. తప్పు ఎక్కడ జరిగిందో అర్థం చేసుకోవడానికి ఆ కాగితం చాలాసార్లు తీసి చూశాను.

లెక్క పైకి సరిగ్గానే ఉంది. పన్నెండు మంది, ఒక్కొక్కరికి అరగంట. పది నుంచి ఒంటిగంట దాకా ఆరుగురు, గంట భోజన విరామం, రెండు నుంచి అయిదు దాకా మిగతా ఆరుగురు. అభ్యర్థితో మాట్లాడే అరగంట చుట్టూ ఉండే నిమిషాలు మాత్రం అందులో లేవు. ఒకరు బయటికి వచ్చాక ఇంకొకరిని పిలవాలి. వచ్చినవారు నమస్కారం చెప్పి, కూర్చుని, ఫైలు అందించాలి. డెమో క్లాసు ఉంటే ముందటివారు రాసింది బోర్డు మీద చెరపాలి. వారు వెళ్లాక సభ్యులు మార్కులు వేయాలి. ఎవరో ఒకరు ఫోను చూసుకోవాలి. ఇదంతా కలిపి సగటున ఎనిమిది నిమిషాలు పట్టింది. అంటే మేం అరగంట అనుకున్న స్లాటు నిజానికి 38 నిమిషాలు. ఎక్స్‌పర్ట్ రావడం ఆలస్యమై మొదలుపెట్టిందే 10.15కి. పొద్దుటి ఆరుగురూ పూర్తయ్యేసరికి రెండు దాటింది. భోజనం అరగంటకు కుదించినా 2.35 అయింది. మధ్యాహ్నం మొదటి అయిదుగురు అయ్యేసరికి 5.45. షెడ్యూల్‌లో ఎక్కడా పెద్ద పొరపాటు కనిపించదు. స్లాటుకు ఎనిమిది నిమిషాలే పోయాయి, అదీ ప్రతి స్లాటులో.

ఇందులో ఇంకో చిక్కుంది. ఒకరి దగ్గర ఎక్కువ సమయం పట్టినా మరొకరి దగ్గర తక్కువ పడుతుంది, చివరికి సరిపోతుంది అని మనకు అనిపిస్తుంది. అలా జరగదు. ఒక ఇంటర్వ్యూ అయిదు నిమిషాలు ముందే ముగిసిందనుకోండి. ఒక సభ్యుడు లేచి ఫోను మాట్లాడతాడు, ఇంకొకరు మంచినీళ్లకు వెళతారు, తరువాతి అభ్యర్థి ఇంకా సర్టిఫికెట్లు చూపిస్తూ ఉంటాడు. తరువాతిది రాసుకున్న సమయానికే మొదలవుతుంది. మిగిలిన అయిదు నిమిషాలు గాల్లో కలిసిపోతాయి. అదే ఒక ఇంటర్వ్యూ ఎనిమిది నిమిషాలు సాగితే, ఆ ఎనిమిదీ తరువాతి మనిషి నెత్తిన పడతాయి, అక్కణ్నుంచి ఆ తరువాతి మనిషి మీదికి వెళతాయి. మిగులు నిలవ ఉండదు, అప్పు మాత్రం రోజంతా వెంటాడుతుంది. అందుకే సగటు మీద ఆధారపడి వేసిన షెడ్యూల్ సాయంత్రానికి తప్పకుండా వెనకబడుతుంది.

వేచి ఉండే వరుసల గురించి చాలాకాలం కిందటే లెక్క కట్టినవాళ్లున్నారు. నార్మన్ బెయిలీ అనే బ్రిటిష్ గణాంక శాస్త్రవేత్త 1952లో ఆసుపత్రి ఓపీల్లో రోగుల వరుసలను పరిశీలించి ఒక సూచన చేశాడు. మొదటి సమయానికి ఇద్దరిని రమ్మనాలి, ఆ తరువాత డాక్టరు ఒక్కొక్కరిని చూడటానికి పట్టే సగటు సమయం చొప్పున ఒక్కొక్కరిని పిలవాలి. ఒకరు రాకపోయినా, ఆలస్యమైనా డాక్టరు ఖాళీగా కూర్చోనక్కర్లేదు. రోగులు మాత్రం కొంచెం ఎక్కువసేపు ఆగాలి. ఇది తెలిసి చేసుకునే బేరం. పెద్దవాళ్ల సమయం విలువైనదన్న పేరుతో మన కాలేజీలూ ఆఫీసులూ తెలియకుండానే ఇదే పద్ధతిని ఇంటర్వ్యూలకు తెచ్చుకున్నాయి. ఓపీలో గంట ఆగినా రోగి జబ్బు మారదు, డాక్టరు పరీక్షలో అదే తెలుస్తుంది. ఇంటర్వ్యూలో మనం పరీక్షించేది ఆ మనిషి చురుకుదనాన్ని, మాటను, పాఠం చెప్పే తీరును. నాలుగు గంటలు చెక్క బెంచీ మీద కూర్చోబెడితే అవే దెబ్బతింటాయి. కొలవాలనుకున్నదాన్ని కొలవకముందే పాడుచేసుకుంటాం.

అందరినీ ఒకేసారి పిలవడానికి సరైన కారణం ఉండే చోట్లు కూడా ఉన్నాయి. ఢిల్లీలో షాజహాన్ రోడ్డు ధోల్‌పూర్ హౌస్‌లో యూపీఎస్‌సీ జరిపే పర్సనాలిటీ టెస్టుకు అభ్యర్థులను ఉదయం ఒక విడత, మధ్యాహ్నం ఒక విడతగా పిలుస్తారు. అక్కడ ఒకేసారి అనేక బోర్డులు కూర్చుంటాయి, ఎవరు ఏ బోర్డు ముందుకు వెళతారో ముందు బయటికి తెలియకూడదు. ఆ గోప్యత కోసం విడతగా రమ్మనడం అవసరం. ఒకే ఒక్క ప్యానెల్ ఉన్న కాలేజీకి ఆ అవసరమేముంది? అయినా అక్కడ కూడా ఉదయం వాళ్లను సాయంత్రం దాకా కూర్చోబెట్టరు, రెండు విడతలుగా విడదీస్తారు. ఆ మాత్రం కూడా మేం చేయలేదు.

మరుసటి ఏడు అదే కాలేజీలో మళ్లీ ఇంటర్వ్యూలు పెట్టాల్సి వచ్చినప్పుడు లెక్క వెనక నుంచి మొదలుపెట్టాను. ఎక్స్‌పర్ట్ ఆరు గంటలకు బయల్దేరాలి. కాబట్టి చివరి చర్చ 5.45కి ముగియాలి. చర్చకు 35 నిమిషాలు కావాలి. అంటే చివరి అభ్యర్థి 5.10కి వెళ్లిపోవాలి. ఇటు ఉదయం ప్యానెల్ తొమ్మిదికి చేరాలి, మొదటి అరగంట తమలో తాము మాట్లాడుకోవాలి. ఎవరు ఏం అడగాలి, డెమో పాఠానికి ఎన్ని మార్కులు, సబ్జెక్టుకు ఎన్ని అన్నది తేల్చుకోవడానికే ఆ అరగంట. ఆ పని ముందే చేసుకోకపోతే మొదటి అభ్యర్థి ముందు చేసుకుంటారు, మొదటి ఇంటర్వ్యూ సాగిపోవడానికి అసలు కారణం చాలాసార్లు అదే. ఆలస్యంగా వచ్చే సభ్యుడు ఒకరుంటే ఆ ఆలస్యాన్ని కూడా ఈ అరగంటే మింగుతుంది.

ఒక్కో స్లాటును 40 నిమిషాలుగా పెట్టుకున్నాను. అందులో పది నిమిషాలు డెమో, ఇరవై నిమిషాలు ప్రశ్నలు, అయిదు నిమిషాలు మార్కులు వేయడం, మిగిలిన అయిదు మనిషి మారడానికి. మార్కులు వేసే ఆ అయిదు నిమిషాల విషయంలో నేను మొండిగా ఉన్నాను. ఆ సేపు ఎవరూ మాట్లాడకూడదు. ఎవరి షీటు వారు నింపి, మడిచి, నా చేతికి ఇచ్చాకే నోరు విప్పాలి. ప్రిన్సిపాల్ గారు ‘కుర్రాడు బాగున్నాడు కదండీ’ అంటే తక్కువ వేద్దామనుకున్న చిన్న సభ్యుడి పెన్ను ఆగిపోతుంది. ఇంకా ముఖ్యమైన సంగతేమిటంటే, ఆ అయిదు నిమిషాలు ఇవ్వకపోతే సభ్యులు తరువాతి అభ్యర్థి మాట్లాడుతుండగా ముందటివారికి మార్కులు వేస్తారు. తల వంచుకుని రాసుకుంటున్న మనిషి ముందు పాఠం చెప్పాల్సి వచ్చిన అభ్యర్థి ఏమనుకుంటుందో ఊహించుకోండి.

9.30కి మొదటి స్లాటు. ముగ్గురు అయ్యేసరికి 11.30. అక్కడ ఇరవై నిమిషాల విరామం. తరువాత ఇద్దరు, 1.10కి భోజనం, 2.10కి మళ్లీ మొదలు. ఇద్దరు అయ్యాక 3.30కి ఇంకో ఇరవై నిమిషాలు. 3.50కి ఎనిమిదో అభ్యర్థి, 4.30కి ఆఖరు. ఆ తరువాత 5.10 దాకా ఇంకో నలభై నిమిషాలు మిగిలాయి. అది చూసి యాజమాన్యం తరఫున ప్యానెల్‌లో కూర్చునే పెద్దాయన, ‘మాస్టారూ, ఇంకొకరికి చోటుందిగా, తొమ్మిదో వాణ్ని కూడా పిలవండి’ అన్నారు. న్యాయమైన మాటే. ఒక మనిషికి అవకాశం ఇవ్వమనే కదా అడిగింది. ‘ఆ చోటు ఎవరికి అవసరం పడుతుందో ఆ రోజు దాకా తెలియదండీ. తొమ్మిదో అభ్యర్థి ఉంటే మరుసటి రోజు పొద్దున్న పిలుద్దాం’ అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి సరేనన్నారు. ఎక్స్‌పర్ట్ ఉండరు కాబట్టి మరుసటి రోజు కుదరలేదు. చివరికి దరఖాస్తుల వడపోత దగ్గరే ఇంకొంచెం జాగ్రత్త పడి ఎనిమిది మందికే లేఖలు పంపాం.

విరామాలు ఎక్కడ పెట్టామో మళ్లీ ఒకసారి చూడండి. నిమిషాలను ప్రతి ఇంటర్వ్యూ తరువాత పది చొప్పున చల్లేయవచ్చు. కానీ అలా చల్లిన నిమిషాలు నిలవవు. పది ఉన్నాయని తెలిస్తే సభ్యులు ఇంకో ప్రశ్న అడుగుతారు, ఆ పదీ ఇంటర్వ్యూలోనే కరిగిపోతాయి. అందుకని మనిషి మారడానికి చాలినంత మాత్రమే మధ్యలో పెట్టి, మిగతాది రెండు మూడు ఇంటర్వ్యూలకొకసారి ఒకేచోట కుప్పగా పెట్టాలి. టీ, బాత్రూము, ఫోన్లు అన్నీ అక్కడే. ఆలస్యం జరిగితే విరామం కొంత తగ్గుతుంది, తరువాతి అభ్యర్థి సమయం మాత్రం చెక్కుచెదరదు. ఒక్క కట్టుబాటు ఉంది. విరామాన్ని పది నిమిషాల కన్నా తగ్గించకూడదు. అయిదు నిమిషాల విరామం కాగితం మీదే ఉంటుంది, నలుగురు మనుషులు లేచి వెళ్లి తిరిగి రావడానికే అది చాలదు.

విరామానికీ తీర్పుకూ సంబంధం ఉందా అన్న ప్రశ్న మీద ఒక పేరున్న అధ్యయనం ఉంది. ఇజ్రాయెల్‌లో ఖైదీల పెరోల్ దరఖాస్తులు వినే న్యాయమూర్తుల నిర్ణయాలు వెయ్యికి పైగా పరిశీలించి 2011లో ప్రచురించారు. విరామం తరువాత మొదట్లో సుమారు 65 శాతం అనుకూల తీర్పులు, పోనుపోను తగ్గి దాదాపు సున్నా, మళ్లీ తిని వచ్చాక 65. అలసటే కారణమని చాలామంది చెప్పుకున్నారు. అదే ఏడు ఇంకొందరు పరిశోధకులు, కేసుల వరుస యాదృచ్ఛికం కాదనీ, లాయరు లేని ఖైదీలు ఎక్కువగా విడత చివర్లో వచ్చేవారనీ చూపించారు. ఈ వాదం వల్ల నాకు రెండు మాటలు ఉపయోగపడ్డాయి. అలసట ప్రభావం ఎంతో కచ్చితంగా చెప్పలేకపోయినా విరామం ఇవ్వడంలో నష్టం లేదు. రెండోది ఇంకా ముఖ్యం. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది ఎలా నిర్ణయిస్తున్నామో జాగ్రత్తగా చూసుకోవాలి. మార్కులు ఎక్కువున్నవాళ్లను పొద్దున్న, సిఫారసు ఉన్నవాళ్లను కోరిన వేళకు, మిగిలినవాళ్లను సాయంత్రం పెడితే షెడ్యూలే సగం ఎంపిక చేసేసినట్టు.

మేం వరుసను దూరాన్ని బట్టి వేశాం. గుంటూరులోనే ఉన్న ఇద్దరికి, తెనాలి నుంచి వచ్చే ఒకరికి ఉదయం మూడు స్లాట్లు. రాత్రంతా ప్రయాణం చేసి ఉత్తరాంధ్ర నుంచి వచ్చే ఇద్దరికి 11.50, 12.30. స్టేషన్‌లో దిగాక స్నానం చేసి, ఏదో ఒకటి తిని రావడానికి వీలుగా, మళ్లీ సాయంత్రం బండి అందుకోవడానికి వీలుగా. నెల్లూరు, కందుకూరు, చీరాల వైపు నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చే ముగ్గురికి మధ్యాహ్నం. ఒకే వైపు నుంచి వచ్చేవాళ్లలో ఎవరు ముందన్నది చీటీ వేసి తేల్చాం. శుక్రవారం పెట్టి ఉంటే నమాజు వేళ కూడా చూసుకోవలసి వచ్చేది, మాది గురువారం. చంటిబిడ్డ ఉన్నవారు, నడవడానికి ఇబ్బంది ఉన్నవారు, రాయడానికో చదవడానికో ఎక్కువ సమయం కావలసినవారు ముందుగా చెప్పమని లేఖలోనే అడిగాం. ఒకావిడ బిడ్డను తీసుకొస్తానన్నారు, ఆమెకు స్టాఫ్‌రూము పక్కగది తెరిచి ఉంచాం.

లేఖలో ఒక్కొక్కరికి మూడు సమయాలు రాశాం. రావలసిన సమయం, ఇంటర్వ్యూ మొదలయ్యే సమయం, వెళ్లిపోగలిగే సమయం. ఉదాహరణకు మూడో అభ్యర్థికి: 10.20కి రండి, 10.50కి ఇంటర్వ్యూ, 11.45కల్లా మీరు బయల్దేరవచ్చు. ముందు వచ్చే అరగంట సర్టిఫికెట్ల పరిశీలనకు, ఊపిరి పీల్చుకోవడానికి. సర్టిఫికెట్లు బయట గుమాస్తా చూస్తే లోపల అయిదు నిమిషాలు మిగులుతాయి. పది నిమిషాలకు మించి ఆలస్యమైతే 4.30 స్లాటులో మాత్రమే చూస్తామని కూడా అందులోనే రాశాం. ఆ నియమం ఆ రోజు వరండాలో పుట్టకూడదు, పుడితే ఒక్కొక్కరికి ఒక్కో నియమం అవుతుంది.

ఇక ఆ రోజు ఎలా నడిచిందో నా నోటుబుక్కులో ఉంది. తలుపు బయట ఒక బల్ల వేసుకుని, ప్రతి ఇంటర్వ్యూ మొదలు, చివర నిమిషంతో సహా రాసుకున్నాను. డెమో అయిపోయాక పదిహేను నిమిషాలకు తలుపు మీద ఒకసారి, ఇరవైకి రెండుసార్లు మెల్లగా తట్టడం నా పని. మొదటిది 9.36కి మొదలైంది, ఆరు నిమిషాలు వెనక. రెండోది త్వరగా అయి 10.55కి వచ్చాం. మూడో కుర్రవాడు నిజంగా బాగా చెప్పాడు. రెండుసార్లు తట్టినా వదల్లేదు. 11.44 అయింది, పద్నాలుగు నిమిషాల ఆలస్యం. మంచి అభ్యర్థి దగ్గరే ప్యానెల్ ఎప్పుడూ సమయం మరిచిపోతుంది, దానికి ముందే చోటు ఉంచుకోవాలి. విరామాన్ని పది నిమిషాలకు తగ్గించాం, 11.54కి నాలుగో అభ్యర్థి లోపలికి వెళ్లింది. పద్నాలుగు కాస్తా నాలుగైంది. భోజనానికి లేచింది 1.12కి. పొద్దుటి ఆలస్యం అక్కడితో తుడిచిపెట్టుకుపోయింది.

నేను పెట్టుకున్న హద్దు ఒకటుంది. విరామానికి ముందు ఆలస్యం ఇరవై నిమిషాలు దాటితే, అంటే విరామం మొత్తం పోయినా సర్దుకోలేని స్థితి వస్తే, మధ్యాహ్నం వచ్చేవాళ్లకు వెంటనే ఫోను చేసి కొత్త సమయం చెప్పాలి. వాళ్లు బస్సులో ఉన్నప్పుడే తెలిస్తే దారిలో తిని వస్తారు. గేటు దాటి వచ్చాక తెలిస్తే బెంచీ మీద కూర్చోవడం తప్ప వాళ్లకు దారి లేదు. ఆ రోజు ఆ అవసరం పడలేదు.

రెండుంబావుకు ఫోను వచ్చింది. ‘సార్, నెల్లూరు బస్సు చిలకలూరిపేట దగ్గర ఆగిపోయిందండీ. వేరే బస్సు పట్టుకుంటున్నా. నన్ను చూస్తారా సార్?’ 2.10 స్లాటు అతనిది. ‘కంగారు పడకండి, నాలుగున్నరకు మీ పేరు రాసి ఉంచాను, అంతలోపు రండి’ అన్నాను. ఆ మాట చెప్పగలగడం కోసమే కదా ఆ నలభై నిమిషాలు ఖాళీగా ఉంచుకున్నది.

లోపల ప్యానెల్ ఖాళీగా కూర్చుంది. 2.50 అమ్మాయి అప్పటికే వచ్చి ఉంది. ‘అమ్మా, కావాలంటే ఇప్పుడే వెళ్లవచ్చు, లేదంటే మీ సమయానికే పిలుస్తాం’ అని అడిగాను. తన సమయానికే వెళతానంది. కాగితాలు చూసుకుంటోంది. యాజమాన్యం పెద్దాయనకు అది నచ్చలేదు, ముందుకు జరపవచ్చు కదా అన్నారు. మనం మాట ఇచ్చిన సమయం ఆమెది, ముందుకు జరపాలంటే ఆమె ఒప్పుకోవాలి. సభ్యులకు దొరికిన ఆ సేపులో ఉదయం మార్కుల గురించి చర్చ మొదలుపెట్టకుండా చూడటం కూడా నా పనే అయింది. అందరినీ చూడకముందే ‘ఆ మూడో కుర్రాడికి ఇచ్చేద్దాం’ అన్న మాట ఒకసారి గదిలో పడితే, తరువాత వచ్చేవాళ్లు ఖాళీ లేని ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఇస్తున్నట్టే.

ఏడో అమ్మాయి 2.50కి వెళ్లింది, 3.32కి మార్కుల షీట్లు నా చేతికొచ్చాయి. ఎనిమిదో అభ్యర్థి 3.50కి. నెల్లూరు కుర్రవాడు మూడున్నర దాటాక వచ్చాడు, చొక్కా అంతా చెమట. మొహం కడుక్కుని, టీ తాగి, గంటసేపు స్థిమితంగా కూర్చుని 4.30కి లోపలికి వెళ్లాడు. అందరిలాగే అతనికీ పది నిమిషాల డెమో, ఇరవై నిమిషాల ప్రశ్నలు దక్కాయి. చర్చ 5.12కి మొదలై 5.40కి ముగిసింది. ఎక్స్‌పర్ట్ ఆరుకు బయల్దేరారు.

ఎంపికైనవాళ్లలో మూడో అబ్బాయి ఉన్నాడు, నెల్లూరు కుర్రవాడు లేడు. అతనికి తిరుగు లేఖ రాసేటప్పుడు నా చెయ్యి వెనకాడలేదు. అతని పాఠం నలుగురూ పూర్తిగా విన్నారు. పలాస అమ్మాయికి అంతకు ముందు ఏడు రాసినప్పుడు ఆ మాట అనుకోలేకపోయాను.

ఈ పద్ధతికి హద్దు ఉంది. ఒక ప్యానెల్ రోజుకు ఎనిమిది మందిని చూడగలదు, డెమో లేకపోతే పది మంది. ఇరవై మందిని చూడాలంటే రెండు రోజులు పెట్టాలి, లేదా రెండు ప్యానెళ్లు పెట్టాలి. రెండు ప్యానెళ్లయితే రెండూ ఒకే కొలతతో మార్కులు వేయడానికి ఇంకా ఎక్కువ సమయం కావాలి. రోజును సాగదీస్తే మాత్రం ఆ సంఖ్య పెరగదు.

మీ స్కూల్లోనో, కాలేజీలోనో, ఆఫీసులోనో ఈ పని మీ చేతిలో ఉంటే, ఈసారి పంపే లేఖలో ఒక్క వాక్యం చేర్చండి: మీరు ఎన్ని గంటలకు బయల్దేరవచ్చో. ఆ సమయం రాయడానికి మీకు ధైర్యం చాలకపోతే, లేఖ పంపకముందే షెడ్యూల్ మార్చండి.